ఆడిట్ నోటీసు వచ్చాక పదిహేను పనిదినాలు

జీఎస్టీ ఆడిట్ నోటీసు చేతికందగానే చాలామంది వ్యాపారులు చదివేది ఒకటే వాక్యం, చిట్టచివరిది. లెక్కల పుస్తకాలు చూపించకపోతే అవి మీ దగ్గర లేవనే భావించి, ఇక ఉత్తరప్రత్యుత్తరాలు లేకుండా చట్టప్రకారం చర్య తీసుకోవచ్చని అందులో ఉంటుంది. అది చదివి గుండె ఝల్లుమని, కాగితం మడిచి ఆడిటరు గారికి వాట్సాప్ చేసేసి ఊరుకుంటారు. ఆ వాక్యం నమూనాలోనే అచ్చయి ఉంటుంది. పదేళ్లుగా ఒక్క రిటర్ను కూడా ఆలస్యం చేయని వాళ్లకూ అదే వస్తుంది. దానికన్నా చదవాల్సినవి పైన ఉన్నాయి.

ఈ నోటీసు పేరు ఏడీటీ-01. కేంద్ర జీఎస్టీ చట్టం 65వ సెక్షన్ కింద, నిబంధన 101 ప్రకారం వస్తుంది. రాష్ట్ర జీఎస్టీ చట్టంలోనూ ఇదే సెక్షన్ ఉంది కాబట్టి పంపేది కేంద్ర ఆడిట్ కార్యాలయమైనా, రాష్ట్ర పన్నుల శాఖ అయినా నమూనా ఒకటే. ఇది బాకీ నోటీసు కాదు, తప్పు పట్టిన నోటీసూ కాదు. రిటర్నుల్లో ఫలానా తేడా కనిపించింది, వివరణ ఇవ్వండని అడిగేది ఏఎస్‌ఎంటీ-10. పన్ను కట్టాలని చూపే షోకాజ్ నోటీసు డీఆర్‌సీ-01. ఏడీటీ-01లో ఇంకా ఆరోపణ ఏదీ ఉండదు, ‘మీ పుస్తకాలు చూస్తాం’ అనే మాట తప్ప. ఏఎస్‌ఎంటీ-10కి రాసినట్టు దీనికి పేజీలకు పేజీలు సమర్థన రాసుకొచ్చేవాళ్లు ఉన్నారు. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు రాసి, లేని అనుమానాన్ని పుట్టించడమే అవుతుంది.

ముందు నోటీసు అసలైనదో కాదో చూసుకోవాలి. కేంద్ర అధికారులు పంపే కాగితాలపై డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైట్లో దాన్ని సరిచూసుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్ ద్వారా వచ్చిన వాటికి రిఫరెన్సు సంఖ్య ఉంటుంది, దాన్ని పోర్టల్లోనే `Verify RFN` దగ్గర కొట్టి చూడవచ్చు. పోర్టల్లో నోటీసులు రెండు చోట్ల దాక్కుంటాయి. `View Notices and Orders` ఒకటి, `View Additional Notices/Orders` మరొకటి. రెండోది తెరవని కారణంగా నోటీసు వచ్చిన సంగతే తెలియక గడువు దాటించుకున్నవాళ్లు కోర్టుల దాకా వెళ్లారు. పోర్టల్లో పెట్టినా, ఈమెయిల్ పంపినా, రిజిస్టర్డ్ పోస్టులో వేసినా అందజేసినట్టేనని 169వ సెక్షన్ చెబుతోంది.

అసలైనదే అని తేలాక పెన్ను పట్టుకుని నాలుగు విషయాల కింద గీత గీయండి. ఏ జీఎస్టీ నంబరుకు వచ్చింది? రెండు రాష్ట్రాల్లో కొట్లున్నవాళ్లకు ఇది ముఖ్యం. ఆంధ్రా నంబరుకు నోటీసు వస్తే తెలంగాణ కొట్టు బిల్లులు పెట్టక్కర్లేదు. ఏ ఆర్థిక సంవత్సరం? ఆడిట్ ఒక సంవత్సరానికి కావచ్చు, అందులో కొంత భాగానికి కావచ్చు, కొన్ని సంవత్సరాలకు కలిపీ కావచ్చు. ఎక్కడ చేస్తారు, మీ కొట్లోనా, వాళ్ల ఆఫీసులోనా? ఎప్పుడు హాజరు కావాలి? ఆడిట్‌కు కనీసం పదిహేను పనిదినాల ముందు నోటీసు ఇవ్వాలని చట్టం. సెలవులు తీసేస్తే అవి సుమారు మూడు వారాలు. వారం రోజులే ఇచ్చి రమ్మన్నారంటే ఫోనులో వాదించక, 65(3) ఉపసెక్షన్ పేర్కొంటూ మర్యాదగా ఓ లేఖ రాసి ఎప్పటికి సిద్ధమవుతారో అందులోనే తేదీ చెప్పాలి. తేదీ చెప్పకుండా ‘కొంత వ్యవధి ఇవ్వగలరు’ అని రాసిన లేఖను ఏ అధికారీ ఇష్టపడరు.

మీరే వెళ్లక్కర్లేదు. బంధువు, కొట్లో పనిచేసే గుమాస్తా, లాయరు, చార్టర్డ్ అకౌంటెంటు, జీఎస్టీ ప్రాక్టీషనర్ మీ తరఫున హాజరు కావచ్చు. ఎవరు వెళ్లినా మీ సంతకంతో అధికార పత్రం ఉండాలి, దాన్ని ఫైల్లో రెండో కాగితంగా పెట్టండి.

నోటీసుకు తోడు సాధారణంగా ఒక జాబితా వస్తుంది. బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతా, ట్రయల్ బ్యాలెన్స్, అమ్మకాల రిజిస్టరు, కొనుగోళ్ల రిజిస్టరు, స్టాకు వివరం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఈ-వే బిల్లులు, ఆదాయపు పన్ను రిటర్ను, ఇలా పాతిక దాకా అంశాలుంటాయి. ఫైలు కట్టే విద్య అంతా ఈ జాబితాలోనే ఉంది. వాళ్లు ఏ వరసలో అడిగారో ఆ వరసలోనే మీ ఫైలు ఉండాలి. మీ గుమాస్తాకు అలవాటైన వరస కాదు, ఆడిటరు ఆఫీసు పద్ధతీ కాదు. ఏడో అంశం అడిగితే ఏడో ట్యాగు దగ్గర అది దొరకాలి. లేనిదాన్ని దాటేయకుండా ఆ నంబరు దగ్గర ఒక ఖాళీ కాగితం మీద ‘ఎగుమతులు లేవు, వర్తించదు’ అని రాసి పెట్టండి. ఖాళీగా వదిలేసిన నంబరు చూస్తే అధికారికి మరిచిపోయారా, దాచారా అన్నది తెలియదు. వర్తించదన్న ఒక్క ముక్క ఆ ప్రశ్నను అక్కడితో ఆపేస్తుంది.

ఇది కళ్లకు కట్టాలంటే ఒక కొట్టును ఊహిద్దాం. మండల కేంద్రంలో సిమెంటు, ఇనుము, పెయింట్లు అమ్మే వ్యాపారి. నోటీసు 2022-23 సంవత్సరానికి వచ్చింది. లెక్కలు ట్యాలీలో ఉన్నాయి, రిటర్నులు నెలనెలా వేశారు, బిల్లులు అట్టపెట్టెల్లో ఉన్నాయి. జాబితాలో అడిగినవన్నీ జిరాక్స్ తీయించి మూడు అట్టపెట్టెలు మోసుకెళ్లి బల్ల మీద పెట్టడం తేలికే. అలా పెట్టిన రోజు నుంచీ మొదలయ్యే ప్రశ్నలకు జవాబు చెప్పడమే కష్టం. ఎందుకంటే అధికారి మీ బిల్లులతో పని మొదలుపెట్టరు. మీ రిటర్నులన్నీ ఆయన కంప్యూటర్లో ముందే ఉన్నాయి. మీ దగ్గరికి వచ్చేసరికే ఏ అంకె ఏ అంకెతో కలవడం లేదో ఆయన గుర్తుపెట్టుకుని ఉంటారు. ఆ కలవని అంకెలను ఆయనకన్నా ముందు మీరు కనుక్కోవాలి.

కనుక జిరాక్స్ మెషీను దగ్గరికి వెళ్లేముందు మూడు కాగితాలు తయారుచేసుకోవాలి. మొదటిది అమ్మకాలది.

ఈ వ్యాపారి లాభనష్టాల ఖాతాలో పన్ను కాకుండా అమ్మకాలు 2,14,60,000 రూపాయలు. పన్నెండు జీఎస్టీఆర్-3బీ రిటర్నులు కూడితే 2,13,80,000. తేడా 80,000. నెలల వారీగా రెండు వరసలు పక్కపక్కన వేస్తే పదకొండు నెలలు కలిశాయి, మార్చి ఒక్కటే కలవలేదు. 2023 మార్చి 31న రాసిన ఇనుము బిల్లు ఒకటి ఏప్రిల్ రిటర్నులోకి పోయింది. పన్ను 18 శాతం చొప్పున 14,400, అది మే 20న కట్టేశారు. అంటే ప్రభుత్వానికి పన్ను ఎగ్గొట్టలేదు, ఏప్రిల్ 20న కట్టాల్సింది నెల ఆలస్యంగా కట్టారు. 18 శాతం వడ్డీ లెక్కిస్తే ముప్పై రోజులకు సుమారు 213 రూపాయలు. ఈ లెక్క ఒకే కాగితం మీద వేసి, దాని వెనక ఆ బిల్లు నకలు, ఏప్రిల్ రిటర్ను నకలు పెడితే ఆ అంశం అక్కడికి ముగిసినట్టే. లేకపోతే? 80,000 రూపాయల అమ్మకం దాచినట్టు పరిశీలనలో పడుతుంది, దాన్ని తీయించడానికి మరో రెండు నెలలు తిరగాలి.

అమ్మకాల ఖాతాలో లేకుండా ‘ఇతర ఆదాయం’లో నక్కిన వాటిని కూడా ఈ కాగితంలోకి తేవాలి. పాత వ్యాను అమ్మిన డబ్బు, తుక్కు అమ్మిన డబ్బు, గోడౌనులో సగం అద్దెకిచ్చిన డబ్బు. వాటిపై పన్ను పడుతుందో లేదో తర్వాతి సంగతి, లాభనష్టాల ఖాతాలో కనిపించే ప్రతి రాబడికీ ఈ కాగితంలో ఒక వరస ఉండాలి.

రెండో కాగితం ఇన్‌పుట్ క్రెడిట్‌ది. ఆడిట్లలో ఎక్కువ డబ్బు ఇక్కడే పోతుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. మన వ్యాపారి ఏడాదికి తీసుకున్న క్రెడిట్ 43,10,000. సరఫరాదారులు వేసిన రిటర్నుల ఆధారంగా పోర్టల్ తయారుచేసే జీఎస్టీఆర్-2బీలో ఉన్నది 42,73,000. తేడా 37,000. 2022 జనవరి 1 నుంచి నిబంధన కఠినమైంది. 2బీలో కనిపించని బిల్లుపై క్రెడిట్ తీసుకోకూడదు. కాబట్టి ఈ 37,000లో ప్రతి రూపాయికీ సరఫరాదారు పేరుతో జవాబు ఉండాలి.

కొనుగోళ్ల రిజిస్టరును 2బీతో బిల్లు నంబరు వారీగా పోల్చితే మూడు ముక్కలు తేలాయి. 21,600 రూపాయలది ఒక సిమెంటు డీలరు బిల్లు. ఆయన మార్చి బిల్లును ఆలస్యంగా చూపడంతో అది 2023 ఏప్రిల్ 2బీలోకి వచ్చింది. 10,800 రూపాయలది పెయింట్ల కంపెనీ ఏజెంటుది. మన జీఎస్టీ నంబరు వేయకుండా మామూలు చిల్లర అమ్మకంగా చూపించి వదిలేశాడు. 4,600 రూపాయలది అసలు రిటర్నే వేయని ఒక చిన్న సరఫరాదారుది.

మొదటి ముక్కకు బలం ఉంది. ఏప్రిల్ 2బీ పేజీ పెట్టాలి. ఆ క్రెడిట్‌ను తర్వాతి ఏడాది రెండోసారి తీసుకోలేదని ఏప్రిల్ 3బీతో చూపాలి. ముందుగా తీసుకున్నందుకు వడ్డీ అడగవచ్చు, దానికీ ఓ కాగితం ఉంది. తప్పుగా తీసుకున్న క్రెడిట్‌ను వాడుకుంటేనే వడ్డీ. క్రెడిట్ లెడ్జరులో నిల్వ ఆ మొత్తం కన్నా కిందికి దిగకపోతే వాడుకోనట్టే లెక్క. పోర్టల్ నుంచి ఆ నెలల లెడ్జరు తీసి, నిల్వ 21,600 కన్నా తగ్గని వరసల మీద హైలైటర్ గీసి పెడితే ఆ వాదన నోటితో చెప్పనక్కర్లేదు.

రెండో, మూడో ముక్కలకు మాత్రం బలం లేదు. ఇక్కడే చాలామంది ఒక కాగితాన్ని నమ్ముకుంటారు. సరఫరాదారు రిటర్నులో పొరపాటు చేస్తే అతని నుంచి గానీ, మొత్తం ఐదు లక్షలు దాటితే చార్టర్డ్ అకౌంటెంటు నుంచి గానీ సర్టిఫికెట్ తెస్తే ఒప్పుకోవాలని 2022 డిసెంబరులో కేంద్రం ఓ సర్క్యులర్ ఇచ్చింది, దాని నంబరు 183. అది 2017-18, 2018-19 సంవత్సరాలకే. తర్వాత 193వ సర్క్యులర్ ఆ వెసులుబాటును 2021 డిసెంబరు 31 దాకా పొడిగించింది. 2022-23 బిల్లుకు ఆ సర్టిఫికెట్ పనికిరాదు. దాన్ని ఫైల్లో పెడితే మీకు నిబంధన తెలియదని మీరే ఒప్పుకున్నట్టు. ఈ 15,400 రూపాయలను, లెడ్జరు నిల్వ తగ్గిన రోజు నుంచి లెక్కించిన వడ్డీతో సహా, డీఆర్‌సీ-03 ద్వారా ముందే కట్టేసి ఆ రసీదును ఫైల్లో పెట్టడమే మంచిది. మోసం ఆరోపణ లేని కేసులో షోకాజ్ నోటీసు రాకముందే పన్ను, వడ్డీ కడితే జరిమానా ఉండదు. పైన చెప్పిన 213 రూపాయల వడ్డీ కూడా అదే ఊపులో కట్టేయవచ్చు. పెద్ద మొత్తాలు, చట్టపరంగా వాదనకు తావున్న అంశాలు అయితే ఇలా తొందరపడి కట్టకూడదు, సలహా తీసుకోవాలి. అంత ఖర్చు పెట్టి వాదించేందుకు 15,400లో ఏమీ లేదు.

మూడో కాగితం లారీ కిరాయిలది. సిమెంటు, ఇనుము అమ్మేవాళ్లందరికీ ఇది తప్పదు. ట్రాన్స్‌పోర్టు ఏజెన్సీకి కట్టే కిరాయిపై చాలా సందర్భాల్లో పన్ను కట్టాల్సింది సరుకు తెప్పించుకున్న వ్యాపారే. రివర్స్ చార్జి అంటారు, రేటు 5 శాతం. మన వ్యాపారి ఖాతాలో ఏడాది కిరాయిలు 3,20,000. కానీ రివర్స్ చార్జి కింద కట్టింది 9,000, అంటే 1,80,000 మీదే. మిగతా 1,40,000 సంగతేమిటని అడగక మానరు. అది ఊళ్లో ట్రాక్టర్లకు, ట్రాలీ ఆటోలకు ఇచ్చింది. లారీ రసీదు ఇచ్చే ఏజెన్సీలు కావు అవి, బండి యజమానులు. అలాంటి రవాణాకు పన్ను లేదు. అయితే నోటితో చెబితే సరిపోదు. ప్రతి చెల్లింపుకూ బండి నంబరు, తేదీ, డ్రైవరు సంతకం ఉన్న వోచరు కావాలి. ట్యాలీలో కిరాయిలన్నీ ఒకే ఖాతాలో కలగలిపి రాసి ఉంటే, ‘లారీ రసీదు ఉన్నవి’, ‘లేనివి’ అని రెండుగా విడదీసి జాబితా చేయాలి. ట్యాలీలో వెనక్కి వెళ్లి పాత ఎంట్రీలు మాత్రం మార్చకండి. విడి జాబితా ఎక్సెల్లో చేసుకోండి. సంతకం లేని వోచరు మీద ఇప్పుడు సంతకం చేయించడం అంతకన్నా చేటు. మూడేళ్ల నాటి వోచర్లన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో కనిపిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. వోచరు లేనిదాన్ని లేదనే జాబితాలో చూపాలి. ఆ కాస్త మొత్తం మీద పన్ను పడితే పడనివ్వండి.

ఈ మూడు కాగితాలూ తయారయ్యాక ఫైలు కట్టడం సగం రోజు పని. పైన కవరింగ్ లెటరు. అందులో నోటీసు రిఫరెన్సు సంఖ్య, తేదీ, జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, ఆ తర్వాత ‘జతచేసినవి’ అని విషయసూచిక. సూచికలో జాబితా అంశం సంఖ్య, పత్రం పేరు, ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ దాకా అని మూడు గడులు చాలు. పేజీ నంబర్లు మొదటి కాగితం నుంచి చివరిదాకా ఒకే వరసలో నడవాలి. ప్రతి ట్యాగు దగ్గరా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే ‘మూడో పేజీ చూడండి’ అన్నప్పుడు ఏ మూడో పేజీయో తెలియదు. నంబర్లు మెషీనుతో వేసినా సరే, పెన్నుతో పైన కుడి మూల వేసినా సరే. వేశాక మాత్రం కొత్త కాగితం మధ్యలో దూర్చకూడదు. తర్వాత దొరికినవి చివర ‘అదనపు పత్రాలు’గా వేరే లెటరుతో ఇవ్వాలి.

ఏడాది బిల్లులన్నీ జిరాక్స్ తీయనక్కర్లేదు. రిజిస్టర్లు ఎక్సెల్ రూపంలో పెన్‌డ్రైవులో ఇచ్చి, తేడాలకు సంబంధించిన బిల్లులు మాత్రం ఫైల్లో పెట్టి, ‘మిగతా అసలు బిల్లులు కొట్లో నెలవారీగా ఉన్నాయి, అడిగినప్పుడు చూపగలం’ అని లెటరులో రాయండి. అడిగాక నిజంగా చూపగలగాలి, అది వేరే చెప్పాలా! అసలు పత్రాలు ఎవరికీ వదిలిరాకండి. నకళ్ల మీద మీ సంతకం, కొట్టు ముద్ర వేయండి. అడగని సంవత్సరాల లెక్కలు, అడగని సొంత ఖాతాల స్టేట్‌మెంట్లు పెట్టకండి. దాచమని కాదు, అడిగితే ఇవ్వాల్సిందే. కానీ నోటీసు 2022-23కి వస్తే 2021-22 ట్రయల్ బ్యాలెన్స్ ఆ ఫైల్లో ఉండాల్సిన పనేమీ లేదు.

ఫైలు రెండు కాపీలు చేయించి, రెండో కాపీ కవరింగ్ లెటరు మీద ఆఫీసు ముద్ర, తేదీ, అందుకున్నవారి సంతకం తప్పక తీసుకోవాలి. ఈమెయిల్లో పంపితే పంపిన రుజువు దాచుకోవాలి. ఆ తేదీకి చట్టంలో ఓ విలువ ఉంది. అడిగిన పత్రాలు అధికారికి అందిన రోజు, లేదా మీ వ్యాపార స్థలంలో ఆడిట్ వాస్తవంగా మొదలైన రోజు, ఈ రెంటిలో ఏది తర్వాతదైతే అదే ఆడిట్ ప్రారంభ తేదీ. అక్కడి నుంచి మూడు నెలల్లో ముగించాలి. కమిషనర్ కారణాలు రాసి గరిష్ఠంగా మరో ఆరు నెలలు పొడిగించవచ్చు. ముద్ర లేని ఫైలు ఇచ్చి వస్తే ఆ గడియారం ఎప్పుడు మొదలైందో చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. సగం పత్రాలు ఇప్పుడు, సగం తర్వాత ఇస్తే గడియారం మొదలుకానే లేదని వాళ్లు అనడానికి వీలుంటుంది.

మధ్యలో తేడాలు కనిపిస్తే అధికారి మీకు చెప్పవచ్చు, దానికి మీరు జవాబు రాయవచ్చు, ఆ జవాబు చూశాకే తుది నిర్ణయానికి రావాలని నిబంధన 101లో ఉంది. అప్పుడు మీరు రాసే జవాబు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది: ‘పరిశీలన 2, ఇన్‌పుట్ క్రెడిట్ తేడా 37,000. ఫైలు పేజీలు 84 నుంచి 97 చూడగలరు. 15,400 వడ్డీతో కట్టాం, రసీదు పేజీ 97.’ పేజీ నంబర్లు ఒకే వరసలో వేయమన్నది ఇందుకే.

ఆడిట్ ముగిసిన ముప్పై రోజుల్లో ఏడీటీ-02 అనే నివేదిక వస్తుంది. దాన్ని ఆర్డరు అనుకుని అందులోని అంకె మొత్తం కట్టేసేవాళ్లున్నారు, పట్టించుకోకుండా బీరువాలో పడేసేవాళ్లూ ఉన్నారు. అందులో ఉన్నవి అధికారి తేల్చిన విషయాలు, వాటికి కారణాలు. ఒప్పుకుంటే కట్టవచ్చు. ఒప్పుకోకపోతే తర్వాత షోకాజ్ నోటీసు వస్తుంది, దానికి వాదన వినిపించే అవకాశం ఉంటుంది. అప్పుడు ఆ నోటీసు పంపే అధికారి మీ కొట్టు చూసి ఉండకపోవచ్చు, మీ గుమాస్తాతో మాట్లాడి ఉండకపోవచ్చు. ముద్ర పడిన ఆ రెండో కాపీనే మళ్లీ బయటికి తీయాలి. 2022-23 లెక్కలనైతే ఎలాగూ 2029 డిసెంబరు చివరిదాకా ఉంచాలి, వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు కాబట్టి. కేసు నడుస్తుంటే ఆ తర్వాత కూడా.